గుర్తొస్తున్నాడని చెప్పాలి, జిడ్డులా అనిపించకూడదు

ప్రశ్న: మేడమ్, నాకు 27 ఏళ్లు. ఒక ఫ్రెండ్ ద్వారా పరిచయమైన అబ్బాయిని మూడు వారాలుగా కలుస్తున్నాను. చాలా సరదా మనిషి. నడుస్తుంటే కనిపించిన ప్రతి పిల్లినీ ఆగి పలకరిస్తాడు. షార్ట్‌కట్ అని చెప్పి ఎప్పుడూ దూరపు దారిలోనే తీసుకెళ్తాడు. ఇప్పుడు ఆఫీసు పని మీద పది రోజులు వేరే ఊరు వెళ్లాడు. రాత్రిళ్లు కాసేపు చాట్ చేస్తాడు కానీ పగలు పెద్దగా మాట్లాడడు. రోజూ ‘మిస్ యూ’ అని టైప్ చేయడం, చెరిపేయడం. మొన్న మధ్యాహ్నం ఉండబట్టలేక ‘నన్ను అప్పుడే మర్చిపోయావా?’ అని నవ్వు ఎమోజీతో పంపాను. ‘అయ్యో లేదు, మీటింగుల్లో ఉన్నా, సారీ’ అన్నాడు. ఆ రాత్రి చాట్ కూడా ఎందుకో పొడిపొడిగా సాగింది. అతనే ముందు చెప్పేదాకా నువ్వు నోరు విప్పకు అంటోంది నా ఫ్రెండ్. జిడ్డులా అనిపించకుండా, సరదాగా ఈ మాట ఎలా చెప్పాలి?

జవాబు: మీరు చెరిపేసిన మెసేజ్ కన్నా పంపిన మెసేజే బరువైనది. ‘మిస్ యూ’ అన్నది అతన్ని ఏమీ అడగదు. ‘మర్చిపోయావా?’ అన్నది అడుగుతుంది. అతను ఉన్న చోటి నుంచి ఒకసారి చూడండి. మీటింగ్ మధ్యలో ఫోన్ తీస్తే ఈ ప్రశ్న కనిపించింది. ‘అవును’ అంటే మొరటుగా ఉంటుంది, ‘లేదు’ అంటే సంజాయిషీ అవుతుంది. సరదాగా అందుకోవడానికి అందులో కొస దొరకలేదు. అందుకే సారీ చెప్పాడు. ఏ తప్పూ చేయకుండానే సారీ చెప్పాల్సి వచ్చిన మనిషి ఆ రాత్రి మాట్లాడేటప్పుడు కొంచెం ఆచితూచి మాట్లాడతాడు. మీకు పొడిపొడిగా అనిపించింది బహుశా అదే. మూడు వారాల పరిచయం ఒక్క మెసేజ్‌తో చెడిపోదు కాబట్టి దాని గురించి టెన్షన్ వద్దు. కానీ అది ఎందుకు తేడా కొట్టిందో తెలిస్తే, తర్వాత ఏం రాయాలో మీకే తోస్తుంది.

నవ్వు ఎమోజీ పెట్టినా నవ్వు ఎందుకు అందలేదు? మనం టైప్ చేసేటప్పుడు మన గొంతు మనకు లోపల వినిపిస్తూ ఉంటుంది. ఆ కొంటెతనం, ఆ చివర సాగదీత అన్నీ మెసేజ్‌లోకి వెళ్లిపోయాయనే అనుకుంటాం. అవతలి మనిషి దగ్గరికి చేరేది అక్షరాలే. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంకొందరితో కలిసి 2005లో ప్రచురించిన పరిశోధనలో ఇదే తేలింది. ఈమెయిల్‌లో తాము వెటకారంగా అన్నదీ సీరియస్‌గా అన్నదీ చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుందని రాసినవాళ్లు నమ్మారు. నిజానికి చదివినవాళ్లు అంత బాగా పట్టుకోలేకపోయారు. గొంతుతో చెప్పినప్పుడు మాత్రం చాలావరకు పట్టుకున్నారు. అందులోనూ పరిచయం కొత్తగా ఉన్నప్పుడు మీరు ఎలా ఆటపట్టిస్తారో, ఎప్పుడు నిజంగా నొచ్చుకుంటారో అతనికి ఇంకా తెలీదు. ఏడాది తర్వాత ఇదే ‘మర్చిపోయావా’ అతన్ని నవ్వించొచ్చు. మూడో వారంలో అది ఫిర్యాదులా వినిపిస్తుంది. పైగా నిజం చెప్పండి, అందులో కొంచెం ఫిర్యాదు ఉంది కదా? పగలు మెసేజ్ రాలేదన్న చిన్న బాధ ఉంది. సరదా మాట కింద నిజమైన బాధ దాచి పంపితే, చదివేవాళ్లకు ముందు తగిలేది ఆ బాధే.

నేను చూసినంతలో జిడ్డుతనం ఇష్టాన్ని చెప్పడంలో ఉండదు. చెప్పిన వెంటనే అవతలి మనిషి ఏదో ఒకటి చేసి తీరాల్సి రావడంలో ఉంటుంది. ఓదార్చాలి, లెక్క చెప్పాలి, వెంటనే బదులివ్వాలి, లేదంటే అదే స్థాయిలో ప్రేమ తిరిగి చూపించాలి. ‘ఆన్‌లైన్‌లో ఉన్నావ్, నాకు మాత్రం రిప్లై లేదు’, ‘నేనే ఎప్పుడూ ముందు మెసేజ్ చేస్తున్నా’ లాంటివాటి చివర ఎన్ని నవ్వులు అతికించినా లెక్క లెక్కే. కాబట్టి ఏదైనా పంపే ముందు ఒక్కటి చూసుకోండి. ఇది చదివి అతను కేవలం నవ్వుకుని ఊరుకున్నా, రాత్రి దాకా ఏమీ రాయకపోయినా, అందులో అతని తప్పు ఏమైనా ఉన్నట్టు అవుతుందా? కాదు అనిపిస్తే పంపేయండి. అవుతుంది అనిపిస్తే ఆ వాక్యంలో ఎక్కడో ఒక డిమాండ్ ఉంది. దాన్ని వెతికి తీసేయండి.

ఇప్పుడు మీ దగ్గరున్న సరుకు చూద్దాం. మీరు ఉత్తరంలో మామూలుగా రాసేశారు కానీ అతని పిల్లులు, అతని షార్ట్‌కట్లు బంగారం లాంటివి. ‘మిస్ యూ’ అని ఎవరైనా ఎవరికైనా పంపొచ్చు, అది చదివితే అతనికి తన గురించి ఏమీ తెలీదు. ‘ఈ రోజు ఇంటికి ఇరవై నిమిషాల్లో వచ్చేశాను. నీ షార్ట్‌కట్లు లేకపోతే దారి ఇంత బోరుగా ఉంటుందని తెలీదు’ అని రాస్తే, అది అతనికి తప్ప ఇంకెవరికీ పనికిరాదు. తనలో మీరు ఏం గమనించారో, ఏం గుర్తుపెట్టుకున్నారో అతనికి తెలుస్తుంది. ఎవరో ఒకరు తోడుంటే బాగుండు అని కాదు, అతను ఉంటే బాగుండు అని అర్థమవుతుంది. కొత్త పరిచయంలో మనుషులను బెదరగొట్టేది ఆ మొదటి రకం. తమను చూసి ఇష్టపడుతున్నారా, లేక ఖాళీ నింపుకోవడానికి వాడుకుంటున్నారా అన్న అనుమానం అప్పుడే వస్తుంది. మీరు రాసిన చిన్న వివరం ఆ అనుమానానికి చోటివ్వదు.

పిల్లి సంగతి ఇంకా బాగుంటుంది. రోడ్డు మీద ఒక పిల్లి కనిపించిందనుకోండి, ఫొటో తీయండి. మొదట మీకు తోచేది ఇలా ఉండొచ్చు: ‘పిల్లి కనిపించింది, నువ్వే గుర్తొచ్చావ్, ఎప్పుడొస్తావ్? ఇక్కడ నువ్వు లేక ఏమీ బాలేదు.’ ఇందులో మొదటి సగం చక్కగా ఉంది. ‘ఎప్పుడొస్తావ్’ దగ్గర అది అభ్యర్థన అయింది. అతను వచ్చే తేదీ మీకు ముందే తెలుసు కాబట్టి అది సమాచారం కోసం అడిగిన ప్రశ్న కాదని అతనికీ తెలుస్తుంది. ‘ఏమీ బాలేదు’ అనగానే మీ రోజంతా అతని మీద ఆధారపడినట్టయింది. ఆ రెండూ తీసేసి, పిల్లినే మాట్లాడనివ్వండి: ‘ఈయన నీ గురించి అడిగారు. పని మీద ఊరెళ్లాడని చెప్పాను. కొంచెం డల్ అయ్యారు.’ కింద ఇంకో లైను: ‘నేనూ, కొంచెం.’

ఆ చివరి లైను వదిలేయకండి. చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. సరదాగా ఉండాలన్న ఆత్రంలో అంతా జోకే చేసి పంపుతారు. అవతలి మనిషి ‘హహ’ అంటాడు. వీళ్లేమో నేను ఇంత చెప్పినా అర్థం చేసుకోలేదని బాధపడతారు. చెప్పనిది అతనికెలా తెలుస్తుంది? మెసేజ్ మొత్తం ఆడుతూ పాడుతూ ఉన్నా, ఎక్కడో ఒకచోట రెండు మాటలు సూటిగా, నిజంగా ఉండాలి. పిల్లి మాటలు దాన్ని తేలిక చేస్తాయి, ‘నేనూ, కొంచెం’ దాన్ని నిజం చేస్తుంది. ‘కొంచెం’ అనడం వల్ల అతనికీ ఊపిరాడుతుంది. అతను కావాలంటే పిల్లికి జవాబివ్వొచ్చు, కావాలంటే మీకివ్వొచ్చు.

అతిశయోక్తి విషయంలో ఒక జాగ్రత్త. సరదా అంటే పెద్దది చేసి చెప్పడమే అనుకుని ‘నువ్వు లేక అన్నం సహించట్లేదు’, ‘నిద్ర పట్టట్లేదు తెలుసా’, ‘ఈ వారం ఎలా బతకాలో ఏమిటో’ అని రాస్తుంటారు. ఇవి జోకులని మీకు తెలుసు. అతనికి నూటికి నూరుపాళ్లూ తెలీదు, ఎందుకంటే ఇవి నిజంగా కూడా జరగొచ్చు. అన్నం తినని వాళ్లు, నిద్రపోని వాళ్లు ఉంటారు. చదివిన మనిషి నవ్వాలా, కంగారుపడాలా తేల్చుకోలేక మధ్యలో ఆగిపోతాడు. ఎంతైనా పెంచండి కానీ నిజం కావడానికి వీల్లేని చోట పెంచండి. పిల్లి అతని గురించి వాకబు చేయడం ఎప్పటికీ నిజం కాదు. ‘నీ షార్ట్‌కట్లో ఉన్న గుంతలన్నీ నిన్ను అడుగుతున్నాయి’ కూడా అంతే. అలాగే ‘తమరి దర్శనం లేక ఇక్కడి పిల్లులన్నీ సమ్మెకు దిగే ఆలోచనలో ఉన్నాయి’ అన్నట్టు ఉత్తుత్తి మర్యాద కలిపితే, మొదటి మాటలోనే ఇది ఆట అని తెలిసిపోతుంది. మీరిద్దరూ ఇప్పటికే నువ్వు అనుకుంటున్నారు కాబట్టి అకస్మాత్తుగా వచ్చిన ఆ ‘తమరు’ ఎమోజీ చేయలేని పని చేస్తుంది. వారానికోసారి చాలు. రోజూ వాడితే అరిగిపోతుంది.

రాయడం ఇబ్బందిగా ఉంటే అదే మాట వాయిస్ నోట్‌లో చెప్పండి. పది సెకన్లకు మించనివ్వకండి. మీ గొంతులో నవ్వు ఉంటే అతనికి వేరే ఆధారం అక్కర్లేదు. రెండు నిమిషాల వాయిస్ నోట్ అయితే కథ వేరు. పనిలో ఉన్న మనిషి దాన్ని వినడానికి తీరిక చూసుకోవాలి, అంటే మళ్లీ అతని మీద ఒక పని పెట్టినట్టే.

పంపే వేళ గురించి కూడా ఆలోచించాలి. మీకు అతను ఎక్కువగా గుర్తొచ్చే వేళ ఒకటి ఉంటుంది: ఇంతకుముందు పంపినదానికి జవాబు రాక, ఫోన్ పదేపదే తీసి చూసుకునే వేళ. అప్పుడు పంపకండి. ఆ సమయంలో మీరు ఎంత తేలికైన వాక్యం రాసినా అందులో ‘ఏమైపోయావ్?’ అన్నది వినిపిస్తుంది, ఎందుకంటే పైన మీ పాత మెసేజ్ జవాబు లేకుండా కనిపిస్తూనే ఉంటుంది. పిల్లి నిజంగా కనిపించినప్పుడు, మీ రోజు మామూలుగా నడుస్తున్నప్పుడు, కిందటి మాట చక్కగా ముగిసినప్పుడు పంపండి. మీరు పగలు పంపినా అతను రాత్రి జవాబిస్తాడని మీకిప్పటికే తెలుసు. అదే అతని పద్ధతి అనుకుని పంపితే సాయంత్రం దాకా ఎదురుచూపు తగ్గుతుంది.

అసలు చాలా మెసేజ్‌లు చెడిపోయేది రెండో మెసేజ్ వల్ల. పిల్లి ఫొటో వెళ్లింది, బాగుంది. గంటైంది. అప్పుడు వేలు ఊరుకోదు. ‘బిజీనా?’, ‘సరేలే’, ‘ఊరికే అన్నాలే, సీరియస్‌గా తీసుకోకు.’ వీటిలో ఏ ఒక్కటి పంపినా మొదటిదాని అర్థం వెనక్కి వెళ్లి మారిపోతుంది. పిల్లి ఫొటో ఒక కానుకలా కాకుండా పరీక్షలా కనిపిస్తుంది. అన్నిటికన్నా నష్టం చేసేది ఆ ‘ఊరికే అన్నాలే.’ చెప్పిన నిజాన్ని మీరే చెరిపేసుకుంటున్నారు, పైగా మీరు కంగారుగా ఉన్నారని కూడా చెబుతున్నారు. వాట్సాప్‌లో పంపాక అందరికీ కనిపించకుండా డిలీట్ చేయడమూ అంతే, మెసేజ్ డిలీట్ చేసిన గుర్తు అక్కడ మిగిలిపోతుంది. అదేమై ఉంటుందా అని అతను అడగాలి, మీరు ఏదో ఒకటి చెప్పాలి. ఒక్కటి పంపి ఫోన్ పక్కన పెట్టి ఇంకో పనిలోకి వెళ్లిపోండి.

అతని జవాబు ఎలా చదవాలో చెబుతాను. ‘ఆయన్ని బెంగపడొద్దని చెప్పు, శనివారం కలుస్తానని చెప్పు’ అని రాశాడనుకోండి, ఆట అందుకున్నాడు. మీరు మరో మాట కలిపి అక్కడే ఆపేయండి. ఒక జోకు బాగా పండిందని ఆ రోజే పదిసార్లు సాగదీస్తే మర్నాటికి దానిలో పస ఉండదు. ‘హహ, సూపర్’ అని ఊరుకున్నాడనుకోండి, తిరస్కారం అని అనుకోకండి. మనిషి ఎదురుగా ఎంత సరదాగా ఉన్నా అక్షరాల్లో ఆడుకోవడం రానివాళ్లు చాలామంది ఉంటారు. అలాంటి మనిషి రాత్రి చాట్‌లో తనంతట తాను ఏదైనా తెచ్చాడా, వచ్చాక కలవడం గురించి ఎత్తాడా, కలిసినప్పుడు ఆ పిల్లి సంగతి గుర్తుచేశాడా చూడండి. వీటిలో ఏదైనా ఉంటే మీ మాట చేరినట్టే.

ఇలాంటివి మీరు రెండు మూడు పంపినా అటువైపు నుంచి ఈ రకం మాట ఒక్కటీ రాలేదనుకోండి, కొన్నాళ్లు ఆపండి. అలిగి ఆపమని కాదు. మామూలు మాటలు మామూలుగానే సాగనివ్వండి, ఇలాంటి మాటకు మాత్రం ఈసారి అతనికి చోటివ్వండి. అతనే ముందు చెప్పేదాకా నోరు విప్పొద్దన్న మీ ఫ్రెండ్ సలహాతో నాకున్న తేడా ఇదే. ముందు మాట ఎవరిదైనా ఫర్వాలేదు. మీకు ఇష్టముంటే మీరే చెప్పండి, అందులో పరువు పోయేదేమీ లేదు. ఇద్దరూ అలా బిగుసుకుని కూర్చుంటే పది రోజులూ వాతావరణం గురించి మాట్లాడుకుంటూ గడిచిపోతాయి. కానీ వరసగా మీరొక్కరే చెబుతూ పోతుంటే, ఇంకా బాగా ఎలా చెప్పాలా అని వాక్యాలు చెక్కుకోవడం వల్ల ఉపయోగం ఉండదు. అప్పుడు కలిసి కూర్చుని, అతనికి ఈ పరిచయం ఎలా అనిపిస్తోందో నేరుగా అడగాలి.

సరదాకు పనికిరాని సందర్భం కూడా ఒకటుంది. నిజంగా మనసు కుదురుగా లేనప్పుడు, పగలంతా మాట లేకపోవడం మిమ్మల్ని కష్టపెడుతున్నప్పుడు జోకుల్లో చుట్టి పంపొద్దు. మొన్న జరిగింది అదే. ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు చెప్పాలనిపిస్తే, రాత్రి ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు ‘నీకు పగలు కుదరదని తెలుసు. ఎప్పుడైనా మధ్యలో ఒక్క లైను పడేస్తే మాత్రం నాకు బాగుంటుంది’ అనండి. ఇది అడగడమే, కానీ బాహాటంగా అడగడం. అతను సరేననొచ్చు, కుదరదనొచ్చు, రెండిటికీ దారి ఉంది. ‘మర్చిపోయావా’లో ఆ దారి లేదు.

మొన్నటి మెసేజ్‌కు ఇప్పుడు వివరణ రాయొద్దు. ‘నేను అలా అడగాల్సింది కాదు, నన్ను తప్పుగా అనుకోకు’ అని పేరా రాస్తే, అతను మర్చిపోయినదాన్ని గుర్తుచేసి, మిమ్మల్ని ఓదార్చే పని కూడా పెట్టినట్టవుతుంది. తర్వాతి మెసేజ్ తేలిగ్గా ఉంటే చాలు, అది దానంతట అదే సర్దుకుంటుంది.

ఇక చివరగా, అతను వచ్చే ముందు రెండు మూడు రోజులు మీకు మంచి అవకాశం. దూరంగా ఉన్నప్పుడు మిస్ అవుతున్నానంటే అతను చేయగలిగింది ఏమీ ఉండదు. వచ్చేస్తున్నాడంటే దాన్ని ఒక ప్లాన్‌లోకి మార్చొచ్చు: ‘శనివారం సాయంత్రం ఖాళీగా ఉంటే, ఈసారి షార్ట్‌కట్ నేను చూపిస్తా. నీది కన్నా ఇంకా దూరం.’ మీరు ఎదురుచూస్తున్నారని అందులోనే ఉంది, వేరే చెప్పక్కర్లేదు. అతనికి వీలు కాకపోతే ఆదివారం అనే చోటూ ఉంది.

ఈ లోపు ఏదో ఒక రాత్రి అతనే, ఏ సరదా లేకుండా, ‘నిన్ను మిస్ అవుతున్నా’ అని రాయొచ్చు. సిగ్గుతోనో కంగారుతోనో మీరు వెంటనే ‘అబ్బో, సార్‌కి మేం గుర్తున్నామే!’ అనబోతారు. అది ఆపండి. అంత తెగించి చెప్పిన మాటకు జోకు తిరిగొస్తే, తను తొందరపడ్డానేమో అని అతనికి అనిపిస్తుంది, ఇంకోసారి అంత తేలిగ్గా చెప్పడు. ముందు ‘నేనూ’ అని రాయండి. ఆటపట్టించడం కావాలంటే ఆ తర్వాతి మెసేజ్‌లో పెట్టుకోవచ్చు.